10 నెలల అద్దె ముందే ఇస్తా, 3 ఏళ్లు పెంచొద్దంటే ఓనరు ఒప్పుకుంటాడా?

కిరాయి కష్టాలు

నిజాంపేటలో మూడు బెడ్‌రూముల ఫ్లాటులో ఉంటున్నాం. అద్దె నెలకు 30,000. మెయింటెనెన్సు వేరే, అది నేనే అసోసియేషన్‌కి కడతాను. 11 నెలల అగ్రిమెంటు వచ్చే నెలతో అయిపోతోంది. కిందటిసారి రెన్యువల్‌కి 27,500 ఉన్నదాన్ని 30,000 చేశారు. ఈసారి కూడా పెంచకుండా వదలరు. పాప ఎనిమిదో తరగతిలోకి వస్తోంది, స్కూలు వీధి చివరే. పది అయ్యేదాకా ఇల్లు మారడం మాకు కుదరదు.

చిట్టీ డబ్బు చేతికొచ్చింది. అందులోంచి 10 నెలల అద్దె, అంటే 3 లక్షలు ఒకేసారి ఇచ్చేస్తా, బదులుగా 3 ఏళ్లు 30,000 దాటొద్దు అని అడుగుదామనుకుంటున్నా. చేరినప్పుడు ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సు అలాగే ఉంటుంది. ఓనరుగారు కరీంనగర్‌లో ఉంటారు, మనిషి మంచివారే. ఫ్లాటు మీద బ్యాంకు లోను నడుస్తోంది. ఇలా ఎవరైనా చేశారా? ఎలా అడగాలి, కాగితం మీద ఏం రాయించుకోవాలి?

బెంగళూరు బాబు

ఇది మా దగ్గర మామూలే కదా అన్నా, లీజు అంటాం. నేను మారతహళ్ళిలో అలాగే ఉన్నా. మొత్తం ఒకేసారి ఇచ్చేయడం, నెల నెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి. అయితే 3 లక్షలకి ఎవడూ ఇవ్వడు, మా బిల్డింగులో సింగిల్ బెడ్‌రూమే 15 లక్షలు. నువ్వు ఇంకా చాలా పెట్టాలి.

కిరాయి కష్టాలు

@బెంగళూరు బాబు, అది కాదు బ్రో. నేనిచ్చేది వెనక్కి రాదు. అది అద్దే, కాకపోతే ముందుగా ఇస్తున్నా. 10 నెలలు అయ్యాక 11వ నెల నుంచి మళ్ళీ మామూలుగా నెల నెలా కడతా.

ఇందిర మియాపూర్

ఓనరు వైపు నుంచి చెప్తా బాబూ, మాకు రెండు ఫ్లాట్లు అద్దెకున్నాయి. నువ్వు ఈ మాట నాతో అంటే ముందు నవ్వుకుంటా, తర్వాత కుదరదంటా. నువ్విచ్చే 3 లక్షలు ఎలాగూ 10 నెలల్లో నాకొచ్చేవే. దాన్ని కాస్త ముందు ఇచ్చి, ఆ తర్వాత రెండేళ్ల పెంపు వదులుకోమంటున్నావు. పైగా 10 నెలల పాటు నా ఖాతాలోకి నెల నెలా ఏమీ రాదు, ఈఎంఐ మాత్రం ఆగదు. ఒకేసారి వచ్చిన డబ్బు ఇంట్లో నిలవదు, అది వేరే కథ.

ఓనరుకి నిజంగా ఏం కావాలో చెప్పనా? ఇల్లు ఖాళీగా ఉండకూడదు. కిందటేడు ఒక ఫ్లాటు ఖాళీ అయింది. నెలపైన తాళం పడి ఉంది. రంగులేయించి, బాత్రూమ్ కుళాయిలు మార్పించి, బ్రోకరుకి ఇచ్చేసరికి ఇంకో నెల అద్దె ఎగిరిపోయింది. మూడేళ్లు కదలనని నువ్వు రాసిచ్చి, మధ్యలో వెళ్తే ఇంత కట్టిపోతానని సంతకం పెడితే అప్పుడు నేను కూర్చుని మాట్లాడతా. 10 నెలల డబ్బు చూపిస్తే కాదు.

లెక్కల మాస్టారు

ఇందిరగారు చెప్పింది అంకెల్లో పెడతాను. ఈసారి పెంచకుండా మొదటి ఏడు 30,000కే ఉంచుతారనుకుందాం, అద్దె నెల మొదట్లోనే కడతారనుకుందాం, ఎఫ్‌డీ వడ్డీ 7 శాతం అనుకుందాం.

ఏడాదికి 5 శాతమే పెంచే ఓనరైనా రెండో ఏడు 31,500, మూడో ఏడు 33,075 తీసుకుంటాడు. 30,000 దగ్గర ఆపితే రెండో ఏడు 18,000, మూడో ఏడు 36,900, మొత్తం 54,900 పోగొట్టుకుంటాడు. మీ ఓనరు కిందటిసారి 9 శాతం పెంచారు. 10 శాతం చొప్పున లెక్కేస్తే ఆయన పోగొట్టుకునేది 1,11,600.

ఇప్పుడు ఆయనకు వచ్చేది చూడండి. 3 లక్షలు ఇచ్చారు. మొదటి నెల అద్దె అందులో పోతే 2,70,000 మిగులు, తర్వాత 2,40,000, అలా తరుగుతూ పదో నెలకి సున్నా. ఆ తరిగే మొత్తం మీద వడ్డీ 7,875 రూపాయలు. అంటే 7,900 చేతిలో పెట్టి 54,900 అడుగుతున్నారు. ఆయన కాదన్నాడంటే కోపం రాకూడదు.

అదే 3 లక్షల్ని మొదటి 10 నెలలకు కాకుండా చివరి 10 నెలలకు సర్దుబాటు చేస్తే లెక్క తిరగబడుతుంది. మీరు ఈ నెల నుంచే మామూలుగా 30,000 కడుతూ ఉంటారు. 3 లక్షలు 26 నెలలు కదలకుండా ఆయన దగ్గర ఉంటుంది, 27వ నెల నుంచి తరుగుతుంది. ఇప్పుడు వడ్డీ 53,375. దాదాపు 5 శాతం పెంపుకి సమానం. 36 నెలల్లోనూ సమానంగా సర్దితే, అంటే నెలకు 8,333 తగ్గించి 21,667 కడుతూ పోతే, వడ్డీ 30,600 దాకా వస్తుంది.

మూడింట్లోనూ మీ జేబులోంచి వెళ్లేది అదే 3 లక్షలు. ఎన్ని నెలలది అన్నదాని కంటే ఏ నెలలది అన్నదే ముఖ్యం.

మల్లేశ్ ఉప్పల్

గింత లెక్క ఎందుకన్నా. మా ఇంటాయనతోని నేను మాట్లాడుకున్న. మూడు అగ్రిమెంట్లు, ఒక్కోటి 11 నెలలు, ఒకే రోజు రాయించినం, 100 రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర. మూడిట్ల కిరాయి ఒకటే. రిజిస్ట్రేషన్ లొల్లి లేదు, ఖర్చు లేదు. రెండేండ్లు దాటింది, ఏం గాలే. 11 నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరికీ ఎరుకే.

రంగారెడ్డి కోర్టు

మల్లేశ్ గారూ, 11 నెలల కాగితాన్ని చాలామంది రిజిస్ట్రేషన్ లేకుండానే రాసుకుంటారన్నది నిజమే. కానీ మన రాష్ట్రంలో ఏడాది లోపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. పైగా ఒకే రోజు, ఒకే ఇంటికి, ఒకే అద్దెతో మూడు రాసుకుంటే రేపు గొడవొచ్చినప్పుడు ఎదుటి వకీలు మూడూ కలిపి చదవండి, ఇది మూడేళ్ల లీజే అంటాడు. మీకు ఏం కాలేదంటే మీ ఇంటాయన మాట మీద నిలబడ్డాడు కాబట్టి. కాగితానికి పరీక్ష ఇంకా రాలేదు.

కిరాయి కష్టాలు గారూ, మీ విషయానికొస్తే మూడేళ్ల కాగితం నోటరీతో రాసుకుంటే ఆ మూడేళ్లు అన్న షరతును కోర్టులో నిలబెట్టుకోలేరు. నెల నెలా అద్దెకున్నవారి కిందే చూస్తారు, 15 రోజుల నోటీసుతో ఓనరు ఖాళీ చేయమనొచ్చు. మీరు కొనుక్కుంటున్నదే ఆ మూడేళ్లు. అది లేని కాగితం చేతిలో పెట్టుకుని 3 లక్షలు ఇవ్వడం ఎందుకు? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి. స్టాంపు డ్యూటీ మూడేళ్ల మొత్తం అద్దె మీద, అంటే మీ కేసులో 10,80,000 మీద లెక్కిస్తారు. ఇంటి అమ్మకానికి పడేంత భారమేమీ కాదు.

కాగితంలో ఒక్క మాట జాగ్రత్త. మన ఊళ్లో అడ్వాన్సు అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే డబ్బు. డాక్యుమెంటు రైటరు అలవాటుగా మొత్తం 3,60,000 అడ్వాన్సు అని ఒక ముక్కలో రాసేస్తాడు. అప్పుడు స్టాంపు లెక్కా మారొచ్చు, రేపు అది అద్దె కింద జమా, తిరిగిచ్చే డిపాజిట్టా అన్న తగువూ మొదలవుతుంది. 60,000 డిపాజిట్టు వేరే పేరా, 3,00,000 ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ముందుగా చెల్లించిన అద్దె అని వేరే పేరా పెట్టించండి. నెలల పేర్లతో సహా.

ఇక అసలు ముడి వేరే ఉంది. ఫ్లాటు మీద లోను ఉందన్నారు. అది రాత్రికి రాస్తా, ఇప్పుడు కేసు పిలుస్తున్నారు.

డల్లాస్ వాసు

మణికొండలో నా ఫ్లాటుకి కూడా ఒకాయన ఏడాది అద్దె ముందే ఇస్తానన్నాడు, డిస్కౌంట్ అడిగాడు. మనం ఎన్నారైలం కదా, అద్దెకి పరిమితి ఏమీ లేకుండా 31.2 శాతం టీడీఎస్ పట్టాలి. అదీ డబ్బు ఇచ్చిన రోజే, మొత్తం మీద. దానికి అతను ట్యాన్ నంబరు తీసుకోవాలి, రిటర్న్ వేయాలి. అది చెప్పగానే ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు 😀 మీ ఓనరు ఇండియాలోనే ఉన్నారా, పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే ఉంటున్నారా కనుక్కోండి. పత్రాలు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా. చాలా ఫ్లాట్లు అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద ఉండి, అద్దె నాన్న తీసుకుంటుంటాడు.

హెచ్ఆర్‌ఏ హరి

ఒక నెలలో 50,000 దాటి అద్దె ఇస్తే 2 శాతం టీడీఎస్ పట్టాలి. ఈయన ఒకే నెలలో 3 లక్షలు ఇస్తున్నాడు, కాబట్టి పట్టాల్సిందే కదా? 6,000 పట్టకపోతే ఈయన మీదే పెనాల్టీ పడుతుంది.

లెక్కల మాస్టారు

@హెచ్ఆర్‌ఏ హరి, ఆ 50,000 ఒక నెలకు గాను ఉన్న అద్దెకి పెట్టిన పరిమితి. ఈయన ఇంటి అద్దె నెలకు 30,000. పది నెలలది ఒకేసారి ఇచ్చినంత మాత్రాన ఒక నెల అద్దె 3 లక్షలు అవదు. ఓనరు ఇక్కడే నివసిస్తుంటే ఈ కేసులో టీడీఎస్ రాదు. వాసుగారు చెప్పింది ఎన్నారై ఓనరుకి, అక్కడ పరిమితే లేదు.

ఓనరుగారు కూడా ఒకటి అడుగుతారు, 3 లక్షలు ఒకే ఏడాది ఆదాయం కింద చూపాలా అని. ఇంటి అద్దె ఆదాయం ఏ ఏడాదికి సంబంధించిన అద్దె ఆ ఏడాదే లెక్కలోకి వస్తుంది. చివరి నెలలకు సర్దేట్టయితే ఆ 3 లక్షల మీద పన్ను మూడో ఏడే. ఈ ముక్క ఆయనకు ముందే చెబితే సగం భయం పోతుంది.

హెచ్ఆర్‌ఏ హరి

సరే టీడీఎస్ పక్కన పెట్టండి. మరి మా ఆఫీసులో హెచ్ఆర్‌ఏ సంగతి? పాత పద్ధతిలోనే ఉన్నా నేను. ఈ ఏడాది కట్టిన అద్దెకే మినహాయింపు అంటారు. మూడో ఏడాది అద్దె ఇప్పుడు కడితే దాన్ని ఇప్పుడు చూపించాలా, అప్పుడు చూపించాలా? అప్పుడు చూపిస్తే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ నెలల్లో ఏమీ కనపడదు, హెచ్ఆర్ వాళ్లు రసీదు ఒప్పుకోరు.

కిరాయి కష్టాలు

నేను కొత్త పద్ధతిలోకి మారిపోయా, కాబట్టి నాకా బాధ లేదు హరిగారూ. ఓనరుగారు కరీంనగర్‌లోనే ఉంటారు, ఫ్లాటు ఆయన పేరు మీదే ఉంది.

మాస్టారూ, లెక్క చూశాక నా ప్రతిపాదన ఎంత పేలవంగా ఉందో అర్థమైంది. చివరి 10 నెలలకు సర్దమంటే ఆయన ఒప్పుకునేలా ఉన్నారు. అలాగే అడుగుతా అయితే.

రంగారెడ్డి కోర్టు

ఆగండి. మాస్టారి లెక్కలో ఓనరుకి ఏది లాభమో, మీకు అదే ఎక్కువ ప్రమాదం. మొదటి 10 నెలలకు సర్దితే మీ డబ్బు నెల నెలా కరుగుతూ పదో నెలకి ఆయన మీకేమీ బాకీ ఉండరు. చివరి 10 నెలలకైతే రెండేళ్లకు పైగా 3 లక్షలు, దాని మీద 60,000 డిపాజిట్టు, ఏ హామీ లేకుండా ఆయన దగ్గర ఉంటాయి. ఆయన మంచివారే కావచ్చు. కానీ రేపు మీ ఎదుట ఉండేది ఆయనే అని ఏముంది?

ఇల్లు అమ్మేశారనుకోండి. కొన్నవాడు అద్దె నాకు కట్టండి అంటాడు. ముందే కట్టేశానంటే నాకు తెలియదంటాడు. గడువు రాకముందే ఇచ్చిన అద్దెను కోర్టులు అద్దెగా కాక ఓనరుకి మీరిచ్చిన అప్పుగా చూసిన సందర్భాలున్నాయి, అప్పుడు కొత్తాయనకు మళ్ళీ కట్టి పాతాయన వెంట మీరు తిరగాలి. దీనికి మందు ఉంది. రిజిస్టరైన లీజులో ముందు చెల్లింపు సంగతి స్పష్టంగా ఉంటే కొనేవాడు నాకు తెలియదనలేడు, ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ తీస్తే కనపడుతుంది కాబట్టి.

బ్యాంకు విషయంలో ఆ మందు పని చేయదు. లోను ముందు, మీ లీజు తర్వాత. తాకట్టులో ఉన్న ఇంటిని ఓనరు అద్దెకివ్వడానికి ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ కొన్ని హద్దులు పెట్టింది. ఇళ్ల విషయంలో లీజు 3 ఏళ్లు దాటకూడదు, వచ్చే అవకాశమున్న మంచి అద్దెకే ఇవ్వాలి, అద్దె ముందుగా చెల్లించాలనే షరతు ఉండకూడదు. మీ ప్రతిపాదన చూడండి. మూడేళ్లు, అంచు మీద ఉంది. పెంపు లేని అద్దె, మంచి అద్దె కాదని వాదించొచ్చు. ముందస్తు అద్దె, అది సూటిగా కాదన్నదే. ఇవి తాకట్టు పత్రంలో వేరే ఏమీ రాసుకోకపోతే వర్తించేవి. బ్యాంకు పత్రాల్లో మామూలుగా ఇంకా గట్టిగా ఉంటుంది, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా లీజుకివ్వరాదని.

ఓనరు ఈఎంఐలు ఆపి, బ్యాంకు ఇల్లు స్వాధీనానికి వచ్చిందంటే, ఆ లీజు బ్యాంకుని కట్టిపడేయదు. మీరు ఖాళీ చేసి, మీ 3 లక్షల కోసం అప్పటికే అప్పుల్లో మునిగిన మనిషి మీద దావా వేయాలి.

మల్లేశ్ ఉప్పల్

బ్యాంకు దాకా ఎందుకు పోతది సార్, మీరు మరీ భయపెడుతున్రు. హైదరాబాదుల సగం ఫ్లాట్లకు లోన్లున్నయి, అందరూ కిరాయికి ఇస్తలేరా?

రంగారెడ్డి కోర్టు

ఇస్తున్నారు, ఏమీ కావడం లేదు. ఎందుకంటే వాళ్లు రెండు నెలల డిపాజిట్టు, నెల నెలా అద్దె మీద ఉన్నారు. బ్యాంకు వచ్చినా పోయేది 60,000. అది పర్వాలేదనుకునే మొత్తం. ఈయన పెట్టేది దానికి ఆరు రెట్లు, అదే తేడా. అద్దెకుండొద్దని నేను అనడం లేదు, బ్యాంకు కాగితం లేకుండా పెద్ద మొత్తం ముందు ఇవ్వొద్దంటున్నా.

చూసుకోవడం కష్టం కాదు. ఈసీ తీయండి, టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు రిజిస్టరై ఉంటే బ్యాంకు పేరుతో కనపడుతుంది. రిజిస్టరు చేయించనివి కూడా ఉంటాయి కాబట్టి తాకట్టులు నమోదయ్యే cersai.org.in లో కూడా వెతకండి, కొద్ది ఫీజు ఉంటుంది. లోను ఇంకా ఎంత ఉందో, వాయిదాలు సరిగ్గా కడుతున్నారో ఆ సైటు చెప్పదు. దానికి ఓనరే లోన్ స్టేట్‌మెంట్ చూపించాలి. 3 లక్షలు అడిగే మనిషి ఒక స్టేట్‌మెంట్ చూపించడానికి నసిగితే అదే మీకు జవాబు.

ఇందిర మియాపూర్

లాయరుగారూ, అడిగేది ఓనరు కాదు, అద్దెకున్నాయనే ఇస్తానంటున్నాడు. నా దగ్గరికొచ్చి నీ లోన్ స్టేట్‌మెంట్ చూపించమ్మా అంటే నేను మాత్రం చూపించను. వద్దులే నాయనా, నెల నెలా కట్టు, ఏటా 5 శాతం ఇవ్వు అంటాను.

ఇంకో సంగతి. ఇంతమంది ఇంత రాశారు గానీ, మూడేళ్లలో వీళ్ల ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయితే ఏంటన్నది ఎవరూ అడగలేదు. మార్కెట్టులో అద్దెలు పెరిగితే 30,000కే ఉంటారు, తగ్గితే ఖాళీ చేసి పోతారు. గట్టు మీద కూర్చుని ఎటు నీళ్లుంటే అటు దూకినట్టు. ఓనరు మాత్రం రెండు వైపులా కట్టుబడి ఉండాలా?

కిరాయి కష్టాలు

@ఇందిర మియాపూర్, "వీళ్ల ఆయన" కాదండీ, ఉద్యోగం చేసేది నేను, మా ఆయనది సొంత షాపు. నాకు ట్రాన్స్‌ఫర్ లేదు. మీరన్న లాకిన్ న్యాయమే. రెండేళ్లు అసలు కదలం, ఆ తర్వాత వెళ్లాలంటే మూడు నెలల ముందు చెప్తాం అని రాసివ్వడానికి మాకు అభ్యంతరం లేదు.

ఇందిర మియాపూర్

అయ్యో సారీ అమ్మా, పేరు చూసి మగవాళ్లనుకున్నా. రెండేళ్ల లాకిన్ అంటే బాగానే ఉంది. ఆ లోపు వెళ్తే ఎంత కడతావో అంకె వేయించు, రెండు నెలల అద్దె చాలు. అంతకన్నా ఎక్కువ రాస్తే ఎవరూ కట్టరు, గొడవే మిగులుతుంది. అలాగే ఓనరు కూడా మా అబ్బాయికి పెళ్లి, ఇల్లు కావాలి అని రెండో ఏడు వస్తే ఏంటన్నది రాయించుకో. ఓనరుగా చెప్తున్నా, వచ్చేది ఈ కారణంతోనే.

లెక్కల మాస్టారు

ఇందిరగారి మొదటి మాటకి అంకె వేస్తే బాగుంటుంది. అద్దెకున్నవాళ్లు ఒక్కసారి మారితే ఆవిడకు రెండు నెలల అద్దె పోయిందన్నారు. ఇక్కడ అది 60,000. ఏటా 5 శాతం పెంపు మూడేళ్లలో తెచ్చేది 54,900. అంటే మూడేళ్లలో ఒక్క మార్పు తప్పినా ఓనరుకి పెంపు మొత్తం వచ్చేసినట్టే. లాకిన్ గట్టిగా ఇస్తే ముందస్తు అద్దె అసలు ఇవ్వకుండానే బేరమాడొచ్చు. మంచి ఏరియాలో ఇల్లు రెండో రోజే నిండిపోతుందనుకునే ఓనరు దగ్గర ఈ లెక్క పనిచేయదు లెండి, ఆయన ఖాళీని సున్నా అనుకుంటాడు.

బెంగళూరు బాబు

అక్కా సారీ, బ్రో అన్నవాళ్లలో నేనూ ఉన్నా కదా... కాదు, నువ్వే నన్ను అన్నావు 😂 అయితే ఏమైంది చివరికి?

కిరాయి కష్టాలు

ఆదివారం ఫోన్లో మాట్లాడాం. 10 నెలలు వద్దన్నారు. అంత డబ్బు ఒకేసారి తీసుకుంటే తర్వాత నెల నెలా ఇబ్బంది అని ఇందిరగారన్న మాటే అన్నారు. ఆయన చెప్పింది ఇది: మొదటి రెండేళ్లు 30,000, మూడో ఏడు 32,000. చివరి 6 నెలల అద్దె, అంటే 1,92,000 ఇప్పుడే ఇవ్వాలి. రెండేళ్ల లాకిన్ ఇద్దరికీ. రిజిస్ట్రేషన్ ఖర్చు చెరి సగం.

లోను ఇంకా 11 లక్షల దాకా ఉందట. స్టేట్‌మెంట్ అడిగితే ముందు కాస్త ముభావంగా అయ్యారు, సాయంత్రానికి వాట్సాప్‌లో పంపారు. వాయిదాలు సరిగ్గానే ఉన్నాయి. బ్యాంకు అనుమతి కోసం ఆయన బ్రాంచికి వెళ్లి అడిగితే, ఇలాంటి లెటరు ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, రాసివ్వండి పైకి పంపుతాం అన్నారట.

లెక్కల మాస్టారు

5 శాతం పెంపుతో మూడేళ్లకు 11,34,900 రావాలి. ఆయనడిగిన దాంట్లో 11,04,000 వస్తుంది. మీకు మిగిలేది 30,900. మీ 1,92,000 మీద ఆయనకొచ్చే వడ్డీ 36,400, మీరు పోగొట్టుకునేదీ అదే. చిట్టీ డబ్బు ఎఫ్‌డీలో పెడితే ఆ వడ్డీ మీద మీకు పన్ను పడేది కాబట్టి మీ వైపు నష్టం ఇంకాస్త తక్కువ. దాదాపు సరికి సరి. ఆయన కిందటిసారిలా 9 శాతం పెంచేవారైతే మీకు లాభం బాగా ఉంది.

రంగారెడ్డి కోర్టు

అంకెలు సరే. బ్యాంకు లెటరు వచ్చేదాకా 1,92,000 చేతులు మారొద్దు. అనుమతి లెటరులో లీజు కాలం, ముందుగా తీసుకునే అద్దె మొత్తం, రెండూ ఉండాలి. ఊరికే "అద్దెకివ్వడానికి అభ్యంతరం లేదు" అని ఇస్తే మీకు పనికిరాదు. బ్యాంకు ఇవ్వనంటే ఇంకో దారి ఉంది. ఆ డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా ఆయన లోన్ ఖాతాలోకి జమ చేయండి, ఆ సంగతి లీజులో రాయించండి. దానివల్ల 65ఎ మాఫీ కాదు. కానీ బాకీ ఆ మేరకు తగ్గుతుంది, డబ్బు ఎటు పోయిందో కళ్ల ముందు ఉంటుంది. నగదు మాత్రం వద్దు. 2 లక్షలకు కొంచెం తక్కువే కదా అని కొందరు సలహా ఇస్తారు, వినకండి.

ఇందిర మియాపూర్

నేరుగా లోన్ ఖాతాలోకి అంటే నేనైతే ఒప్పుకుంటా. ఎలాగూ అసలు తగ్గుతుంది.

మల్లేశ్ ఉప్పల్

ఇంత చేసే బదులు ఏడాదికి 5 పర్సెంట్ కట్టుకుంట పోతే అయిపోతుండె గదా అక్కా. 30,000 రూపాయల కోసం బ్యాంకు, రిజిస్ట్రార్, లాయరు.

కిరాయి కష్టాలు

మల్లేశ్ గారూ, 30,000 కోసం కాదండీ. పాప పదో తరగతి మధ్యలో ఇల్లు ఖాళీ చేయమనకుండా ఉండటం కోసం. అది ఎంతకి రాసుకోవాలో మాస్టారి లెక్కలో లేదు. మా ఆయన కూడా మీ మాటే అంటున్నారు, ముందస్తు ఏమీ వద్దు, రిజిస్టర్డ్ లీజు, లాకిన్, 5 శాతం పెంపు చాలని. బ్యాంకు వాళ్లు రెండు వారాలు పడుతుందన్నారు. అగ్రిమెంటు ఈలోపే అయిపోతుంది. లెటరు రాకముందు అది అయిపోతే, పాత కాగితం మీదే నెల నెలా కడుతూ ఉండొచ్చా, మధ్యలో ఏదైనా రాసుకోవాలా?

రంగారెడ్డి కోర్టు

కడుతూ ఉండండి, ఆయన తీసుకుంటూ ఉంటే చాలు, నెల నెలా అద్దెకున్నట్టే లెక్క. లీజు నిబంధనలు మాట్లాడుకుంటున్నాం, అప్పటిదాకా 30,000కే అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి ఆయన చేత సరే అనిపించుకోండి. కొత్త 11 నెలల కాగితం మాత్రం రాయకండి. అది రాస్తే మూడేళ్ల మాట ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

హెచ్ఆర్‌ఏ హరి

నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. మూడో ఏడాది రసీదు హెచ్ఆర్ ఒప్పుకుంటుందా లేదా?